ఇన్వెస్టరుకు పంపిన మొదటి మెయిల్: 40 పంపాను, ఒక్క జవాబూ లేదు. తప్పు ఎక్కడ?

మిర్చిలెక్క:
అందరికీ నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ఉన్నది నేనూ, నా మిత్రుడూ, ఇద్దరమే. మమ్మల్ని ఇన్వెస్టర్లకు పరిచయం చేసే పెద్దలెవరూ లేరు. అందుకే వెబ్‌సైట్లలో చిరునామాలు వెతికి 40 మందికి నేరుగా మెయిల్ పంపాను. మూడు వారాలు గడిచాయి. ఒక జవాబు వచ్చిందని సంబరపడి తెరిచి చూస్తే, ఆయన సెలవులో ఉన్నారని చెప్పే ఆటోమేటిక్ మెయిల్!

అసలు ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇది:

> విషయం: వ్యవసాయ రంగాన్ని మార్చబోయే అవకాశం
>
> గౌరవనీయులైన సర్/మేడమ్, మాది వ్యవసాయ నిల్వ రంగంలో పారదర్శకత తెచ్చే సమగ్ర డిజిటల్ వేదిక. 14 కోల్డ్ స్టోరేజీలు ఇప్పటికే మాతో చేరాయి. మా వేదికపై దాదాపు రూ. 150 కోట్ల లావాదేవీలు జరిగాయి. 10 శాతం వాటాకు రూ. 3 కోట్లు కోరుతున్నాం. జతచేసిన 38 పేజీల ప్రజెంటేషన్ చూసి మీ అభిప్రాయం తెలపగలరు.

మొహమాటం లేకుండా చెప్పండి.

డల్లాస్ బాబాయి:
40 ఏమి సరిపోతాయి నాయనా? 500 పంపు. విత్తనాలు ఎన్ని చల్లితే అన్ని మొలకలు. ఎయిర్‌బీఎన్‌బీ వాళ్లు కూడా మొదట్లో ముక్కూ మొహం తెలియని ఇన్వెస్టర్లకు ఇలాగే మెయిళ్లు పంపి డబ్బు తెచ్చుకున్నారు. పట్టు వదలకు.

పాతచెక్కు:
బాబాయి గారూ, ఆ కథ సగమే సరి. 2008లో ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులను ఒక మిత్రుడు ఏడుగురు ఇన్వెస్టర్లకు పరిచయం చేశాడు. కాబట్టి అవి తెలియని వారికి పంపిన మెయిళ్లు కావు. అడిగింది 1,50,000 డాలర్లు, కంపెనీ విలువ 15 లక్షల డాలర్ల లెక్కన. అయిదుగురు వద్దన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ తిరస్కరణ ఉత్తరాలను వ్యవస్థాపకుల్లో ఒకడైన బ్రయాన్ చెస్కీ 2015లో స్వయంగా బయటపెట్టాడు. వాటిలో ఒకరు చెప్పిన కారణం, మార్కెట్టు తమకు చాలినంత పెద్దదిగా కనిపించలేదని. ఆ మాట గుర్తుంచుకోండి, ఈ చర్చలో మళ్లీ అవసరం పడుతుంది.

ఇక మిర్చిలెక్క గారికి. నేను ఆరేళ్లు ఒక ఫండులో పనిచేశాను. రోజూ వచ్చే మెయిళ్లను మొదట వడపోసేది నేనే. చాలావాటిని ఫోనులోనే, లిఫ్టు కోసం నిలబడి చూసేవాణ్ణి. విషయం వరుస, దాని కింద కనిపించే ఒకటిన్నర వాక్యం, అంతే. మీ మెయిల్‌లో ఆ చోటును «వ్యవసాయ రంగాన్ని మార్చబోయే అవకాశం», «గౌరవనీయులైన సర్/మేడమ్» ఆక్రమించాయి. అందులో మీరు ఎక్కడా లేరు.

మూడు ప్రశ్నలు. మీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఏ పనికి తెరుస్తారు? జేబులోంచి డబ్బు తీసేది ఎవరు? ఆ 150 కోట్లు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లాయి?

మిర్చిలెక్క:
రోజూ తెరిచేది స్టోరేజీ గుమాస్తా. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చినప్పుడు, తీసుకువెళ్లినప్పుడు నమోదు చేస్తాడు. రైతుకు తన నిల్వ ఫోనులో కనిపిస్తుంది. డబ్బు కట్టేది స్టోరేజీ యజమాని, సీజనుకు రూ. 30,000.

150 కోట్ల లెక్క ఇది. ఈ సీజనులో మా దగ్గర 2,40,000 టిక్కీలు నమోదయ్యాయి. టిక్కీకి 40 కిలోలు, కిలో 150 రూపాయలు వేసుకుంటే ఒక్కో టిక్కీ 6,000. మొత్తం 144 కోట్లు. దాన్ని 150 అని రాశాను.

పాతచెక్కు:
అంటే అది గదుల్లో పడి ఉన్న మిర్చి విలువ. అమ్మకం జరగలేదు, మీ ద్వారా పైసా కదలలేదు. దాన్ని లావాదేవీ అనడం తప్పు. ఫోను మీద ఇన్వెస్టరు వేసే రెండో ప్రశ్నకే ఇది బయటపడుతుంది, ఆ తరువాత మీరు నిజం చెప్పినా ఆయన నమ్మడు. పైగా 144ను 150 చేశారు! బ్యాంకు కాపలాదారు తన చేతి కింద ఇన్ని కోట్లున్నాయని చెప్పుకున్నట్టు ఉంది.

14 స్టోరేజీలలో నిన్న లెక్క రాసినవి ఎన్ని? డబ్బు కట్టినవి ఎన్ని? నిరుడు కట్టి ఈ ఏడాది మళ్లీ కట్టినవి ఎన్ని?

మిర్చిలెక్క:
సిగ్గుగానే చెబుతున్నాను. ఖాతా తెరిచినవి 14. రోజూ రాసేవి 6. కట్టినవి 5, ఆరోది ఉచితంగా చూస్తోంది. మిగతా 8 తెరిచి వదిలేశాయి. నిరుడు మొదటి సీజనులో ముగ్గురు తలా 20,000 కట్టారు. ఈ ఏడాది ధర 30,000 చేశాం, వారిలో ఇద్దరు కొనసాగారు. కొత్తగా ముగ్గురు వచ్చారు. ఈ సీజను ఆదాయం మొత్తం లక్షన్నర. అంత చిన్న అంకె మెయిల్‌లో రాస్తే నవ్వుతారని రాయలేదు.

పాతచెక్కు:
మీ దగ్గరున్న బంగారం ఇదే, దాన్నే దాచారు. ధర సగానికి సగం పెంచినా ముగ్గురిలో ఇద్దరు మళ్లీ కట్టారు! మొదటిసారి కట్టడానికి మొహమాటం, పరిచయం, కుతూహలం ఏదైనా కారణం కావచ్చు. రెండోసారి, అదీ పెరిగిన ధరకు కట్టాడంటే వస్తువు పనికొస్తోందన్నమాట. ముగ్గురితో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు, నిజమే. కానీ ఇంత చిన్న దశలో ఇన్వెస్టరు వెతికేది అలాంటి ఆనవాలునే.

ఇంకో జాగ్రత్త. ఆదాయం 60 వేల నుంచి లక్షన్నరకు పెరిగింది కాబట్టి «150 శాతం వృద్ధి» అని రాయాలనిపిస్తుంది. రాయకండి. అంకెలు చిన్నవైనప్పుడు శాతాలు వాడితే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. 3, 5, 20 వేలు, 30 వేలు అని అంకెలే రాయండి. నెలవారీ గ్రాఫు కూడా వద్దు. మిర్చి కొత్త పంట స్టోరేజీలకు వచ్చేది ఫిబ్రవరి నుంచి మూడు నాలుగు నెలలు. వానాకాలంలో మీ గీత కింద పడుతుంది, దానికి మళ్లీ సంజాయిషీ రాసుకోవాలి. సీజనుకు సీజనును పోల్చండి.

నరసరావుపేట సీఏ:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మిర్చిలెక్క గారూ, ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది?

మిర్చిలెక్క:
నిరుటి 60 వేలు నా సొంత ఖాతాలోకి యూపీఐ ద్వారా వచ్చాయి. అప్పటికి కంపెనీ లేదు. ప్రైవేట్ లిమిటెడ్ గత అక్టోబరులో పెట్టాం. ఈ ఏడాది లక్షన్నర కంపెనీ ఖాతాలోనే పడింది, ఇన్వాయిస్‌లు ఉన్నాయి.

నరసరావుపేట సీఏ:
బతికించారు. ఇన్వెస్టరు సరేనన్నాక పుస్తకాలు అడుగుతాడు. మెయిల్‌లో రెండు సీజన్ల ఆదాయమని రాసి, కంపెనీ పుస్తకాల్లో ఒక్కటే కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. మొదటి సీజను కంపెనీకి ముందుదని, మీ వ్యక్తిగత ఖాతాలో ఉందని మొదటి సంభాషణలోనే చెప్పండి. వెనక్కి తేదీ వేసి ఇన్వాయిస్‌లు మాత్రం సృష్టించవద్దు. అలాంటి సలహా ఇచ్చేవారు మా వృత్తిలోనూ ఉన్నారు, అందుకే ముందుగా చెబుతున్నాను.

రెండో మాట బాబాయి గారి 500 మెయిళ్ల గురించి. ప్రైవేట్ కంపెనీ వాటాలు ఇచ్చేది కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద. ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ప్రతిపాదన ఇవ్వకూడదు. అర్హత గల సంస్థాగత మదుపరులు ఆ లెక్కలోకి రారు. బహిరంగ ప్రకటనలూ నిషిద్ధం. మాట్లాడదామని ఒకరికి రాసిన ఉత్తరం వాటాల ప్రతిపాదన కాదు. కానీ «10 శాతానికి 3 కోట్లు» అని ధర కట్టి వందల మందికి వెదజల్లితే ఆ గీతకు దగ్గరగా నడుస్తున్నట్టే. మెయిల్‌లోంచి ఆ వాక్యం తీసేయండి.

పాతచెక్కు:
చట్టం సంగతి అలా ఉంచినా తీసేయాల్సిందే. 10 శాతానికి 3 కోట్లంటే కంపెనీ విలువ 30 కోట్లు, ఆదాయం లక్షన్నర. చదివేవాడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్న క్షణంలో మీ మిగతా వాక్యాలు వినిపించవు. ఎంత డబ్బు కావాలో చెప్పవచ్చు, విలువ బేరం తరువాతి మాట.

సర్వరు గది:
మీరంతా ఉత్తరంలోని మాటల గురించి మాట్లాడుతున్నారు. అసలు అది చేరిందా? కొత్త డొమైన్ నుంచి ఒకే రోజు 40 మందికి ఒకే ఉత్తరం, దానికి బరువైన ఫైలు. స్పామ్‌లో పడి ఉండవచ్చు. మీ వేరే జీమెయిల్‌కు ఒకటి పంపుకొని, మెయిల్ పక్కనున్న మూడు చుక్కల్లో `Show original` తెరవండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే `SPF`, `DKIM`, `DMARC` మూడింటి పక్కనా `PASS` ఉందో లేదో చూడండి.

మిర్చిలెక్క:
చూశాను. `SPF` దగ్గర `SOFTFAIL` అని ఉంది. `DMARC` అసలు కనిపించడం లేదు. మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్ మీద ఉంది.

సర్వరు గది:
అనుకున్నాను. మీ డొమైన్‌లో పాత హోస్టింగువాళ్ల రికార్డు మిగిలి ఉంటుంది. మెయిల్ గూగుల్ నుంచి మాత్రమే వెళుతుంటే, TXT రికార్డు ఇలా ఉండాలి:

```
v=spf1 include:_spf.google.com ~all
```

ఇలాంటి రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు. `DKIM` తాళం వర్క్‌స్పేస్ అడ్మిన్ పేజీలో సృష్టించి డొమైన్‌లో పెట్టండి. `DMARC` రికార్డు ఆ తరువాత. ఫైలు జతచేయడం మాని లింకు ఇవ్వండి. ఇవన్నీ సరిచేసినా ఇన్‌బాక్స్‌లోకే వెళుతుందన్న హామీ లేదు, కానీ ఇప్పుడున్నంత అధ్వానంగా ఉండదు.

పల్నాడు గోదాము:
కోల్డ్ అన్న మాట కనిపించి వచ్చాను, కంప్రెసర్ల గురించేమో అనుకున్నాను. మాకు స్టోరేజీ ఉంది. మిర్చికి 6 నుంచి 8 డిగ్రీలు పెడుతున్నాం, కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగుతోంది. మీలో ఎవరైనా ఎంత పెడుతున్నారు?

సర్వరు గది:
అన్నగారూ, ఇది వేరే కోల్డ్. తెలియని మనిషికి రాసే మొదటి ఉత్తరాన్ని కోల్డ్ మెయిల్ అంటారు.

పల్నాడు గోదాము:
అలాగా! సరే, వచ్చాను కాబట్టి పైనుంచి చదివాను. తమ్ముడూ, రైతు ఫోనులో చూసుకుంటాడని నాకు అమ్మితే నేను ఎందుకు కొంటాను? రైతు ఫోను చేసి అడిగితే మా గుమాస్తా చెబుతాడు.

నా తలనొప్పి వేరు. ఒక రైతు 120 టిక్కీలు పెట్టి బాండు, అంటే నిల్వ రసీదు, తీసుకుంటాడు. ధర కాస్త లేవగానే 30 తీస్తాడు. ఇంకో నెలకు 45 తీస్తాడు. ప్రతిసారీ బాండు వెనకాల చేత్తో రాస్తాం. మిగలాల్సినవి 45. చివరి రోజు గదిలో 43 ఉంటాయి. రెండు ఎక్కడికి పోయాయి? పక్క లాటులో కలిశాయా, హమాలీ లెక్క తప్పిందా, రైతే తీసుకువెళ్లి మరిచిపోయాడా? వాకిట్లో పదిమంది చేరతారు. చివరికి నేనే కడతాను, మీ లెక్కనే 12 వేలు. సీజనుకు అలాంటివి మూడు తప్పితే 36 వేలు. అప్పుడు మీ 30 వేలు నాకు బరువు కాదు.

మిర్చిలెక్క:
అన్నగారూ, కొనసాగిన ఆ ఇద్దరూ సరిగ్గా ఇదే చెప్పారు! డెలివరీ రోజు గొడవలు తగ్గాయని. నేనే దాన్ని చిన్న విషయమనుకొని పారదర్శకత, వేదిక అని రాశాను.

పాతచెక్కు:
ఇన్వెస్టరుకు రాయవలసిన వాక్యాన్ని కంప్రెసర్ కోసం వచ్చిన పెద్దమనిషి ఇచ్చి వెళ్లారు. రాయండి.

మిర్చిలెక్క:
ప్రయత్నం: «మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఊబర్ లాంటి...»

క్షమించండి, తీసేస్తున్నాను. మళ్లీ: «ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఏ గదిలో మిగిలాయో ప్రతి డెలివరీ నాడూ తేల్చి చెప్పే సాఫ్ట్‌వేర్ మాది, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమానులు సీజనుకు రూ. 30,000 కట్టి వాడుతున్నారు.»

పాతచెక్కు:
బాగుంది. పని ఏమిటో, ఎవరు కడతారో, ఎంతో, ఎక్కడో అన్నీ వచ్చాయి. టిక్కీ అంటే బొంబాయివాడు ఆలూ టిక్కీ అనుకుంటాడు, ఇంగ్లీషులో బస్తా అనే అర్థం వచ్చేలా రాయండి.

ఇప్పుడు చేదు మాట. ఎయిర్‌బీఎన్‌బీకి చెప్పిన ఆ కారణం గుర్తుందా? దేశం మొత్తంలో కోల్డ్ స్టోరేజీలు 8,000 పైచిలుకు. ప్రతి ఒక్కటీ మీకు 30 వేలు కట్టినా ఏడాదికి 24 కోట్లు. వాటిలో ఎక్కువ సామర్థ్యం బంగాళాదుంపలది, ఉత్తరప్రదేశ్, బెంగాల్ వైపు. అక్కడి పద్ధతులు మీకు తెలియవు. పెద్ద ఫండు మిమ్మల్ని వద్దనడానికి ఈ ఒక్క గుణకారం చాలు, మీ మెయిల్ ఎంత బాగున్నా సరే. ఆ 40 మందిలో పెద్ద ఫండులు ఎన్ని?

మిర్చిలెక్క:
దాదాపు ముప్పై. పేరున్నవన్నీ పెట్టాను.

నరసరావుపేట సీఏ:
బాండ్ల మీద బ్యాంకులు రైతులకు అప్పిస్తాయి కదా. గదిలో సరుకు నిజంగా ఉందో లేదో బ్యాంకుకు చెప్పగలిగేది మీ లెక్కే. ఆదాయం పెరిగే దారి అటువైపు ఉంది, దాన్ని మెయిల్‌లో రాయండి.

పాతచెక్కు:
ఇక్కడ సీఏ గారితో నేను ఏకీభవించను. ఒక్క బ్యాంకు అధికారితో కూడా మాట్లాడకుండా ఆ మాట రాస్తే అది ఊహ. ముందు ఇద్దరు ముగ్గురు మేనేజర్లను కలిసి, వాళ్లేమన్నారో రాయగలిగితే రాయండి.

నరసరావుపేట సీఏ:
అది లేకపోతే మీరు చెప్పిన 24 కోట్ల గోడకు ఏం సమాధానం? కనీసం ఒక వాక్యమైనా ఉండాలని నా పట్టుదల.

డల్లాస్ బాబాయి:
నేనైతే పెద్ద కల లేని మెయిల్ చదవను. ఇక్కడ మా స్నేహితులు కొందరు సొంత డబ్బుతో చిన్న చిన్న పెట్టుబడులు పెడతారు. వాళ్లలో గుంటూరు వాళ్లూ ఉన్నారు, మిర్చి అంటే వివరించక్కర్లేదు. మరి అలాంటివారికి రాయవచ్చా?

పాతచెక్కు:
బాబాయి గారూ, ఈ చర్చలో మీరన్న మంచి మాట ఇదే. సొంత డబ్బు పెట్టేవారికి 24 కోట్ల మార్కెట్టు అడ్డం కాకపోవచ్చు. విదేశాల నుంచి వచ్చే డబ్బుకు ఫెమా నిబంధనలుంటాయి, అది సీఏ గారు చూసుకుంటారు.

మిర్చిలెక్క: (9 రోజుల తరువాత)
రికార్డులు సరిచేశాను, మూడూ `PASS`. ఈసారి తొమ్మిది మందికే రాశాను, రోజుకు ఇద్దరు ముగ్గురి చొప్పున, ఎవరికి వారికే వేర్వేరుగా. వ్యవసాయం, గోదాములు, చిన్న వ్యాపారుల సాఫ్ట్‌వేర్‌లలో ఇంతకుముందు సొంత డబ్బు పెట్టినవారు ఏడుగురు, చిన్న ఫండులు రెండు. ఉత్తరం ఇదీ:

> విషయం: మిర్చి కోల్డ్ స్టోరేజీల డెలివరీ లెక్కలు: గుంటూరులో 5 స్టోరేజీలు డబ్బు కట్టి వాడుతున్నాయి
>
> ... గారికి, మీరు గోదాముల రంగంలో పెట్టిన పెట్టుబడి గురించి చదివి రాస్తున్నాను.
>
> ఏ రైతువి ఎన్ని బస్తాలు ఏ గదిలో మిగిలాయో ప్రతి డెలివరీ నాడూ తేల్చి చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమానులు సీజనుకు రూ. 30,000 కట్టి వాడుతున్నారు.
>
> నిరుడు ముగ్గురు రూ. 20,000 చొప్పున కట్టారు. ధర పెంచినా ఇద్దరు కొనసాగారు, ఒకరు మానేశారు. ఈ సీజనులో కొత్తగా ముగ్గురు చేరారు, ఆదాయం రూ. 1.5 లక్షలు. లెక్క తప్పిన ఒక్కో బస్తాకు యజమాని సుమారు రూ. 6,000 నష్టపోతాడు, అందుకే కడుతున్నాడు.
>
> మా నాన్న 22 ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. ఆ రిజిస్టర్ల మధ్యే పెరిగాను. నా మిత్రుడు ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు.
>
> వచ్చే సీజనుకు 25 స్టోరేజీలకు చేరడానికి రూ. 40 లక్షలు సమకూర్చుకుంటున్నాం. వచ్చే వారం 20 నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?

బ్యాంకు మాట రాయలేదు. ఒక మేనేజరును కలిశాను, «పై ఆఫీసును అడగాలి» అన్నారు, అంతే.

డల్లాస్ బాబాయి:
ఒకరు మానేశారని ఎందుకు చెప్పావు? అడిగితే చెప్పవచ్చు కదా.

పాతచెక్కు:
నాకూ అక్కడ రెండు మనసులు. ముగ్గురిలో ఇద్దరు కొనసాగారంటే మూడోవాడు మానేశాడనే అర్థం, అక్కడే ఆపవచ్చు. విడిగా చెప్పడం నిజాయితీగా ఉంది, కానీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు కంటికి తగులుతోంది.

మిర్చిలెక్క: (ఇంకో 5 రోజుల తరువాత)
రెండు జవాబులు వచ్చాయి. ఒక చిన్న ఫండు మర్యాదగా వద్దంది, కారణం మార్కెట్టు పరిమాణమే. రెండోది హైదరాబాదులో సొంత డబ్బు పెట్టే ఒకావిడ నుంచి. ఒకటే వాక్యం: «మానేసిన ఆయన ఎందుకు మానేశారు?»

గుమాస్తా వెళ్లిపోయాడని, కొత్తవాడికి రాదని యజమాని అప్పట్లో చెప్పినదే జవాబుగా రాశాను. ఆవిడ మళ్లీ అడిగారు: «కొత్తవాడు ఎన్ని రోజులు ప్రయత్నించాడు? ఎక్కడ ఆగిపోయాడు?» నాకు తెలియదు. తెలుసుకొని వారంలో రాస్తానన్నాను. ఇంకా జవాబివ్వని ఏడుగురికి కొత్త విషయం ఏమీ లేకుండా «చూశారా» అని గుర్తుచేయడం బాగుండదని ఆగాను.

పాతచెక్కు:
ఆగడం మంచిదే. ఆరో స్టోరేజీ డబ్బు కట్టిన రోజున, పాత ఉత్తరం కిందే ఆ ఒక్క వాక్యం పంపండి.

మిర్చిలెక్క:
సరే. సోమవారం పొద్దున్నే ఆ మానేసిన స్టోరేజీకి వెళుతున్నాను.

పల్నాడు గోదాము:
పొద్దున వెళ్లకు తమ్ముడూ. పొద్దున లారీలు లోడవుతుంటాయి, నిన్ను పలకరించే దిక్కుండదు. నాలుగు దాటాక వెళ్లు. యజమానితో కాదు, ఆ కొత్త గుమాస్తాతో టీ తాగు. తిరిగొచ్చే దారిలో మా దగ్గరా ఆగు, నా రిజిస్టరు చూపిస్తాను. అయితే మొదటి సీజను ఉచితం అంటేనే.